ఒకే టార్పాలిన్, మూడు ధరలు: కొటేషన్ అడగడంలో మేం చేసిన పొరపాటు, దిద్దుకున్న తీరు

"24×18 టార్పాలిన్లు 60 కావాలి. మంచి క్వాలిటీ. రేటు పంపగలరు."

గత యాసంగి కోతలకు ముందు, ఫిబ్రవరిలో, నేను ముగ్గురు సరఫరాదారులకు వాట్సాప్‌లో పంపిన సందేశం ఇది. పరకాల దగ్గరి రైతు సంఘానికి కొనుగోళ్లు, లెక్కలు చూస్తాను. కల్లంలో ధాన్యం ఆరబోసుకోవడానికి, వాన పడితే కుప్పల మీద కప్పుకోవడానికి మా సంఘం సభ్యులకు టార్పాలిన్లు అద్దెకు ఇస్తుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ధాన్యం తీసుకోరు. ఏప్రిల్‌లో ఒక్క రాత్రి అకాల వర్షానికి పరదా కారితే రైతు మళ్లీ మూడు రోజులు ఎండబెట్టుకోవాలి. అంతకు ముందు ఏడాది మేం కొన్నవి ఒక్క సీజన్‌కే మడతల దగ్గర చిరిగాయి. సూర్యుడికి ఎదురుగా పట్టుకుంటే చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపించేది. అవి తక్కువ ధరకు వచ్చినవే. ఈసారి జాగ్రత్తగా కొనాలని ముగ్గురిని అడిగాను. జాగ్రత్త అంటే ముగ్గురిని అడగడమే అనుకున్నాను.

మర్నాటికి మూడు జవాబులూ వచ్చాయి. వరంగల్ దుకాణం వారు "24×18, 250 జీఎస్ఎం, ఒక్కోటి రూ. 1,900, పన్నుతో సహా, మీ గోదాముకు చేర్చి" అని రాశారు. హైదరాబాద్ డీలర్ "8×6 హెవీ, రూ. 1,450, పన్ను, లారీ కిరాయి అదనం" అన్నాడు. కరీంనగర్ వ్యాపారి మాత్రం ఒక ప్రశ్న కూడా జత చేశాడు: "కిలో రూ. 175, పన్ను అదనం. ఎంత బరువువి కావాలి సార్?"

ఆ ప్రశ్న నాకు అప్పుడు విసుగు తెప్పించింది. టార్పాలిన్ అడిగితే బరువు సంగతి ఎందుకు అనుకున్నాను. ముగ్గురిలో సరైన ప్రశ్న అడిగింది అతనొక్కడే అని వారం తర్వాత అర్థమైంది.

కమిటీ సమావేశంలో మూడు అంకెలూ పలక మీద రాసి పెట్టాను. సహజంగానే అందరి చూపు 1,450 మీదకు పోయింది. "నాలుగు వందల యాభై తేడా అంటే అరవైకి ఇరవై ఏడు వేలు. ఎందుకు వదులుకోవాలి?" అని అధ్యక్షురాలు అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అనుమానం మాత్రం ఉంది. అందుకే ఆర్డరు పెట్టే ముందు హైదరాబాద్ నుంచి ఒక్క టార్పాలిన్ డబ్బు కట్టి తెప్పించుకుందామని ఒప్పించాను.

అది వచ్చిన రోజు గోదాము అరుగు మీద పరిచి టేపుతో కొలిచాం. డీలర్ రాసింది 8×6 అని. మీటర్లలో అయితే అది 26 అడుగుల 3 అంగుళాలకు 19 అడుగుల 8 అంగుళాలు. మాకు వచ్చింది 23 అడుగుల 4 అంగుళాలకు 17 అడుగుల 5 అంగుళాలు. అతనికి ఫోన్ చేస్తే మోసం చేసినవాడిలా తడబడలేదు. "మార్కెట్లో 24×18 నే 8×6 అంటాం సార్. అది గుడ్డ కత్తిరించే కొలత. అంచు మడిస్తే కొంచెం తగ్గుతుంది" అన్నాడు. అతని వైపు నుంచి చూస్తే అది అబద్ధం కాదు. నేను అడిగిన 24×18 అంచు మడతకు ముందా, తర్వాతా అని నేనే చెప్పలేదు. అడుగులని కూడా రాయలేదు.

లెక్క వేస్తే తేడా చిన్నది కాదని తెలిసింది. నిజమైన 8×6 మీటర్ల పరదా 48 చదరపు మీటర్లు. పూర్తి 24×18 అడుగులది 40 చదరపు మీటర్లకు కాస్త పైన. మాకు వచ్చింది 37.75. ఒకే పేరుతో పిలిచే సరుకులో పది చదరపు మీటర్ల తేడా ఉంది.

తర్వాత బరువు చూశాం. ధాన్యం తూచే ఎలక్ట్రానిక్ కాంటా మీద పెడితే 6 కిలోల 900 గ్రాములు. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందనే లెక్క, అంతే. 6,900ను 37.75తో భాగిస్తే 183 దగ్గర వస్తుంది. ఇందులో అంచు మడత, లోపలి తాడు, రింగుల బరువు కూడా కలిసి ఉంటాయి కాబట్టి అసలు గుడ్డ అంతకంటే పలచన.

ఎంత పలచనో తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ముక్క కత్తిరిస్తే అది చదరపు మీటరులో నూరో వంతు. దాని బరువు గ్రాముల్లో చూసి నూరుతో గుణిస్తే జీఎస్ఎం వస్తుంది. 250 అయితే ముక్క రెండున్నర గ్రాములు తూగాలి. రెండున్నర గ్రాములను ధాన్యం కాంటా చూపలేదు కదా. టార్పాలిన్‌కు మధ్యలో, అతుకు లేని చోట్ల నుంచి ఐదు ముక్కలు కత్తిరించి, కాగితంలో చుట్టుకుని పరకాలలో మాకు తెలిసిన కంసాలి కొట్టుకు వెళ్లాను. ఆయన అద్దాల పెట్టెలోని త్రాసు మీద ఒక్కో ముక్కా పెట్టి అంకె చదువుతుంటే రాసుకున్నాను. 1.69, 1.74, 1.70, 1.76, 1.71. సగటు 1.72. అంటే గుడ్డ 172 జీఎస్ఎం. "బంగారం కంటే జాగ్రత్తగా చూస్తున్నారే" అన్నాడాయన. ఆ ఐదు ముక్కలూ ఇప్పటికీ ఫైల్లోనే ఉన్నాయి.

అప్పుడు ధరను మళ్లీ చూశాం. 1,450కి 18 శాతం పన్ను కలిపితే 1,711. లారీ కిరాయి ఇంకా కలపలేదు. 1,711 పెట్టి 6.9 కిలోల సరుకు కొంటున్నాం, అంటే కిలోకు రూ. 248. వరంగల్ వారిది వారు చెప్పినట్టే పూర్తి 24×18, 250 జీఎస్ఎం అయితే ఒక్కోటి పది కిలోలు, కిలోకు రూ. 190. పలక మీద చవకగా కనిపించినది కాంటా మీద అన్నిటికంటే ఖరీదైనది. ఇలా చెప్పగానే కమిటీలో అందరికీ విషయం అందింది. మన రైతుకు కిలో లెక్క విడమరచి చెప్పనవసరం లేదు.

తప్పు హైదరాబాద్ డీలర్ మీద వేసి ఊరుకోవచ్చు. కానీ నేను ముగ్గురిని మూడు వేర్వేరు వస్తువుల ధర అడిగాను. వాళ్లు తమ తమ గోదాములో ఉన్నదాన్ని బట్టి జవాబు ఇచ్చారు. "మంచి క్వాలిటీ" అన్న మాట ఒక్కొక్కరికి ఒక్కో బరువు. అందుకే మూడు కొటేషన్లనూ పక్కన పెట్టి, అదే ముగ్గురికి కొత్తగా, ఈసారి సంఘం లెటర్‌హెడ్ మీద, ఒకే ప్రతిని పంపాం.

రెండో ఉత్తరం రాసేటప్పుడు నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. సరుకు గోదాము గేటు దగ్గరికి వచ్చినప్పుడు మేం ఏది కొలవగలమో, దాన్ని ఏ పద్ధతిలో కొలుస్తామో రెండూ రాయాలి. కొలిచే పద్ధతి లేకుండా అంకె మాత్రం రాస్తే, ఎవరి టేపు వాళ్లు తెచ్చుకుంటారు.

అందులోని ముఖ్య భాగం ఇది:

"హెచ్‌డీపీఈ అల్లిక గుడ్డ, రెండు వైపులా ఎల్‌డీపీఈ పూత. అంచు మడిచి కుట్టడం లేదా అతికించడం పూర్తయిన తర్వాతి కొలత 8 మీటర్లు × 6 మీటర్లు. నేల మీద పరిచి, లాగకుండా కొలుస్తాం. ఏ వైపూ 5 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తగ్గకూడదు. గుడ్డ 250 జీఎస్ఎం. 10×10 సెంటీమీటర్ల ఐదు ముక్కల సగటు తీసుకుంటాం. పూర్తయిన ఒక్కో టార్పాలిన్ 12 కిలోలకు తగ్గకూడదు. నాలుగు అంచుల్లోనూ లోపల తాడు, ప్రతి మీటరుకు ఒక అల్యూమినియం రింగు, మొత్తం 28. అతుకులు వేడితో అతికించినవి. అతుకు మీద బకెట్ నీళ్లు పోసి రాత్రంతా ఉంచుతాం, కింద చెమ్మ కనిపించకూడదు."

హెచ్‌డీపీఈ, ఎల్‌డీపీఈ రెండూ ప్లాస్టిక్ రకాలే. 28 రింగులు ఎందుకని అడగవచ్చు. చుట్టుకొలత 28 మీటర్లు కాబట్టి. "తగినన్ని రింగులు" అని రాస్తే ఒకరు నాలుగు అడుగులకు ఒకటి పెడతారు, ఇంకొకరు మూలలకు మాత్రం పెడతారు. గాలివానలో పరదా ఎగిరిపోయేది రెండు రింగుల మధ్య ఖాళీలోంచే.

సరుకు తర్వాత ధర భాగం. ఇక్కడ ఖాళీ పట్టిక మేమే గీసి ఇచ్చాం: పన్నుకు ముందు ఒక్కోదాని ధర, సరుకు ఏ పన్ను కిందికి వస్తుందో చెప్పే హెచ్ఎస్ఎన్ కోడ్, పన్ను శాతం, మా గోదాము వరకు రవాణా, దింపుడు కూలి, అన్నీ కలిపి ఒక్కోదాని ధర. ఎవరి పద్ధతిలో వాళ్లు రాస్తే విడదీసే పని మన మీద పడుతుంది, అందులో మనమే పొరబడతాం. ఈ కొనుగోలుపై కట్టిన పన్ను మా సంఘానికి తిరిగి రాదు కాబట్టి, పన్నుతో కలిపిన చివరి అంకే మా అసలు ఖర్చు. పన్నును సర్దుబాటు చేసుకునే వ్యాపారి అయితే పన్నుకు ముందు ధరలనే పోల్చుకోవాలి. సంఖ్య 60, చేర్చాల్సిన చోటు, మార్చి 31 గడువు, ధర 30 రోజులు నిలబడాలన్న షరతు కూడా రాశాం. ప్లాస్టిక్ ముడిసరుకు ధర మారుతూ ఉంటుంది. గడువు రాయని కొటేషన్ ఆర్డరు పెట్టే నాటికి పాతదైపోతుంది.

ఇంకొక వాక్యం కూడా చేర్చాం. అది రాయకపోతే మంచి సరఫరాదారు చేజారతాడని నా నమ్మకం: "ఇంతకంటే వేరే రకం మీ దగ్గర మేలైనది ఉంటే ముందు మేం అడిగిన దానికి ధర రాసి, ఆ రకాన్ని వేరే కాగితం మీద ఇవ్వండి." మన కంటే సరుకు తెలిసినవాడు అమ్మేవాడే. అతని సలహా మనకు కావాలి, కానీ పోల్చే కాగితంలో అది కలిసిపోకూడదు. ఏ కంపెనీ పేరూ రాయలేదు. పేరు రాస్తే ఆ కంపెనీ ఏజెన్సీ ఉన్నవాడొక్కడే నిజంగా ధర ఇస్తాడు, మిగతావాళ్లవి మొక్కుబడి.

ఉత్తరం వెళ్లిన రెండో రోజున కరీంనగర్ వ్యాపారి ఫోన్ చేశాడు.

"సార్, 250 జీఎస్ఎం అన్నారు. కచ్చితంగా 250యా, పది శాతం అటూ ఇటూ ఒప్పుకుంటారా? కొందరు 225ను కూడా 250 అనే ఇస్తారు."

నేను మళ్లీ దొరికిపోయాను. పరిమాణానికి ఎంత తగ్గవచ్చో రాశాను, బరువుకు "12 కిలోలకు తగ్గకూడదు" అన్నాను, గుడ్డకు మాత్రం ఏమీ రాయలేదు. రెండు నిబంధనలు ఒకదానికొకటి పొసగడం లేదు. అంచు మడత, తాడు, రింగులతో కలిపి 12 కిలోలు దాటించి, గుడ్డను మాత్రం 240కి దించే వీలుంది. 225 అయితే టార్పాలిన్‌కు కిలో 200 గ్రాములు తక్కువ. అతను మొదట చెప్పిన కిలో 175 ధరలో చూస్తే ఒక్కోదానికి రూ. 210, అరవైకి రూ. 12,600. అంత డబ్బు ఒక్క రాయని మాటలో ఉంది.

"మీకు ఇప్పుడు చెప్పను. ముగ్గురికీ ఒకేసారి రాసి పంపుతాను" అన్నాను. ఆ సాయంత్రమే "ఐదు ముక్కల సగటు 250కి తగ్గకూడదు, ఏ ఒక్క ముక్కా 240కి తగ్గకూడదు" అని ముగ్గురికీ పంపి, కొటేషన్ గడువు రెండు రోజులు పెంచాం. అడిగినవాడికి మాత్రమే జవాబు చెప్పి ఉంటే అతను ఒక వస్తువుకు, మిగతా ఇద్దరు ఇంకో వస్తువుకు ధర ఇచ్చేవారు. మళ్లీ మొదటికే వచ్చేది.

ఇక్కడ జీఎస్ఎం గురించి ఒక మాట చెప్పాలి. బరువు ఒక్కటే చూసి నాణ్యత తేల్చలేం. పూతలో సున్నపురాయి పొడి లాంటి నింపుడు పదార్థం కలిపితే బరువు పెరుగుతుంది, బలం పెరగదు. వాడేసిన ప్లాస్టిక్‌ను కరిగించి చేసిన గుడ్డ కూడా త్రాసు మీద బాగానే తూగుతుంది. ఎండకు తట్టుకునే యూవీ రసాయనం కలిపారో లేదో మా గోదాములో తెలుసుకునే మార్గమే లేదు. ఒకటి రెండు ఎండాకాలాలు గడిచాక పొడిపొడిగా రాలినప్పుడు తెలుస్తుంది. అందుకే మనం కొలవలేని ఈ విషయాలకు కాగితం అడిగాం: హెచ్‌డీపీఈ టార్పాలిన్ల ప్రమాణమైన ఐఎస్ 7903 ప్రకారం నిలువు, అడ్డం పోగుల తెగే బలం చూపే పరీక్ష నివేదిక, ఐఎస్ఐ గుర్తు ఉంటే లైసెన్సు నంబరు. ఆ నంబరు నిజమైనదో కాదో ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. నివేదిక ఏ సరుకుదో, ఆ సరుకే మనకు వస్తుందన్న హామీ మాత్రం అందులో ఉండదు. దానికి మేం చేయగలిగింది నమూనా ముద్ర వేయించుకోవడం. ఒక మూల మీద సరఫరాదారు, మా అధ్యక్షురాలు ఇద్దరూ చెరగని సిరాతో సంతకం పెట్టిన టార్పాలిన్ ఒకటి గోదాములో ఉంచుకున్నాం. వచ్చిన సరుకును దాని పక్కన పెట్టి మడత పెట్టి నలిపి చూస్తే, పూత తెల్లబారడంలో తేడా కంటికే తెలుస్తుంది.

రెండో విడతలో వచ్చిన ధరలు ఇవి. వరంగల్ వారు 2,120, పన్నుతో 2,502, రవాణా అందులోనే. హైదరాబాద్ డీలర్ 2,060, పన్నుతో 2,431, లారీ కిరాయి ఒక్కోదానికి 70 కలిపితే 2,501. కరీంనగర్ వ్యాపారి 2,010, పన్నుతో 2,372, రవాణా 40, మొత్తం 2,412. మొదటిసారి 1,450 చెప్పిన డీలర్, అదే పనికి పూర్తి సరుకు రాయమంటే 2,060 రాశాడు. మొదట నాలుగైదు వందలుగా కనిపించిన తేడా ఇప్పుడు తొంభై రూపాయలకు దిగింది. ముగ్గురూ ఒకే వస్తువు గురించి మాట్లాడుతున్నారని ఆ తొంభై రూపాయలే చెప్పాయి. ఒకటి మరీ విడిగా ఉండి ఉంటే సంతోషించడానికి ముందు అతను ఏదో ఒక వాక్యం వేరుగా చదివాడని అనుమానించేవాణ్ని.

తొంభై రూపాయలంటే అరవైకి దాదాపు 5,400. కరీంనగర్ వ్యాపారి సగం అడ్వాన్సు అడిగాడు, వరంగల్ వారు నెల రోజుల అప్పు ఇస్తామన్నారు. కమిటీలో దీని మీద గంట చర్చ జరిగింది. నేను వరంగల్ వైపే మొగ్గాను, ఎందుకంటే ఏదైనా తేడా వస్తే పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి రావచ్చు. అధ్యక్షురాలు మాత్రం "రెండుసార్లూ మనల్ని ప్రశ్న అడిగింది ఆయనే. తప్పుడు సరుకు ఇచ్చే ఉద్దేశం ఉన్నవాడు 225 సంగతి మనకెందుకు చెబుతాడు?" అన్నారు. ఆ మాట నిలిచింది. అడ్వాన్సు 20 శాతానికి తగ్గించి, మిగతాది సరుకు తూచాక ఇస్తామని మాట్లాడుకుని ఆర్డరు ఇచ్చాం. కొటేషన్‌లో రాసిన కొలతలు, కొలిచే పద్ధతి అక్షరం మారకుండా ఆర్డరు కాగితంలోకి ఎక్కించాం.

మార్చి 26న వ్యాను వచ్చింది. ఐదారు తూచి సంతకం పెడదామనుకున్నాం. మూడోదే 11 కిలోల 700 చూపింది. దాంతో అరవైనీ తూచాం. ఇద్దరు మనుషులకు గంటన్నర పని. యాభై ఆరు 12.2 నుంచి 12.5 కిలోల మధ్య ఉన్నాయి, నాలుగు 11.7 దగ్గర. ఆ నాలుగింటినీ విప్పి కొలిస్తే వెడల్పు 5.7 మీటర్లే ఉంది. ముక్క కత్తిరించి చూశాం. గుడ్డ అదే, 2.52 గ్రాములు. అంటే పలచన సరుకు కలపలేదు, పొట్టిగా కత్తిరించారు. బరువు మాత్రమే చూసి ఉంటే పలచన గుడ్డ అని నిందించేవాళ్లం, అతను కాదని వాదించేవాడు, ఇద్దరం మాట పట్టుకుని కూర్చునేవాళ్లం.

టేపు పక్కన పెట్టి ఫోటో తీసి పంపాను. వ్యాపారి మారు మాట్లాడలేదు. "ఐదు సెంటీమీటర్లే కదా ఒప్పుకున్నది, ఇది ముప్పై ఉంది. నాలుగూ మార్చి పంపిస్తాను సార్" అన్నాడు. 30వ తేదీన నాలుగూ వచ్చాయి. అవీ తూచి, ముద్ర వేసిన నమూనాతో పోల్చి, మిగిలిన 80 శాతం అదే రోజు ఖాతాలో వేశాం.